కొన్నది మనమే, దక్కింది వేరే ఖాతాకు

మా చెల్లెలు బొమ్మలు గీస్తుంది. అందుకోసం ఫోనులో ఒక యాప్‌ను ఉచితంగా వేసుకుని రెండు వారాలు వాడింది. నచ్చాక డబ్బు కట్టి పూర్తి వెర్షన్ తీసుకుంది. ఆ తర్వాత ఐదో రోజున కొత్త టాబ్లెట్ వచ్చింది. అందులోనూ అదే యాప్ వేసుకుని తెరిస్తే సగం కుంచెల మీద తాళం గుర్తు కనిపించింది. Restore purchases అన్న చోట నొక్కితే, కొన్నవి ఏవీ లేవని వచ్చింది. ఫోనులో మాత్రం అన్ని కుంచెలూ మామూలుగానే పనిచేస్తున్నాయి. కార్డు నుంచి డబ్బు పోయినట్టు బ్యాంకు సందేశమూ ఉంది.

"అక్కా, డబ్బు తీసుకున్నారు కానీ వస్తువు ఇవ్వలేదు" అని ఫోను చేసింది.

వస్తువు ఇచ్చారు. కాకపోతే అది మా నాన్న పేరున జమ అయింది. ఆయన ఎన్నడూ ఆ యాప్‌ను చూసి కూడా ఉండరు. ఒకే ఫోనులో రెండు మూడు గూగుల్ ఖాతాలు పెట్టుకున్న ఇళ్లలో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. జరిగినప్పుడు తెలియదు, ఫోను మార్చినప్పుడో ఖాతా తీసేసినప్పుడో బయటపడుతుంది. అప్పటికి సులువుగా డబ్బు వెనక్కు అడిగే గడువు దాటిపోయి ఉంటుంది. అందుకని ఆండ్రాయిడ్ ఫోనులో, ప్లే స్టోరులో ఇది ఎలా జరుగుతుందో, ఎలా పసిగట్టాలో, చక్కదిద్దుకునే దారులు ఏమిటో వివరంగా రాస్తున్నాను.

ఒక కొనుగోలు, మూడు గుర్తింపులు

ముందుగా విడదీసి చూసుకోవలసినది ఒకటుంది. యాప్‌లో మనం డబ్బు కట్టినప్పుడు మూడు వేర్వేరు గుర్తింపులు ఒకచోట కలుస్తాయి. మనకు అవన్నీ "నేనే" అనిపిస్తాయి. వాటిని నడిపే వ్యవస్థలకు మాత్రం అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు విషయాలు.

మొదటిది స్టోరు ఖాతా, అంటే ప్లే స్టోరు ఏ గూగుల్ ఖాతా కింద ఈ కొనుగోలును రాసుకుందన్నది. వస్తువుకు యజమాని ఆ ఖాతానే. రెండవది డబ్బు కట్టిన సాధనం. ఒకే కార్డును ఇంట్లో ముగ్గురి ఖాతాల్లోనూ నమోదు చేసుకోవచ్చు కాబట్టి, కార్డు ఎవరిదన్న దాన్ని బట్టి యజమాని ఎవరో తేలదు. బ్యాంకు నుంచి వచ్చే సందేశంలో మొత్తం, తేదీ ఉంటాయి తప్ప ఏ ఖాతా కింద కొన్నామో ఉండదు. మా చెల్లెలు ఆ సందేశాన్నే సాక్ష్యంగా పట్టుకుంది, అది ఈ చిక్కులో ఏమాత్రం ఉపయోగపడలేదు.

మూడవది యాప్ లోపలి లాగిన్. కొన్ని యాప్‌లు తమ సొంత ఖాతా తెరవమంటాయి, ఈమెయిలో ఫోను నంబరో అడుగుతాయి. అలాంటి యాప్‌లు చాలావరకు మనం కొన్నదాన్ని తమ దగ్గరి ఆ లాగిన్‌కు జతచేసుకుంటాయి. అప్పుడు స్టోరు ఖాతా ఎవరిదైనా, ఏ ఫోనులోనైనా ఆ లాగిన్‌తో లోపలికి వెళితే కొన్నది కనిపిస్తుంది. పొరపాటు ఖాతాతో కొన్నా వాడకానికి ఇబ్బంది రాదు. నెలవారీ చందా అయితే రద్దు చేయాలనుకున్న రోజున మాత్రం ఆ ఖాతాను వెతుక్కోవాలి. చెల్లెలి యాప్‌లో లాగిన్ అన్నదే లేదు. తెరవగానే తెల్ల కాగితం వస్తుంది. ఇలాంటి యాప్ పూర్తిగా స్టోరు మాట మీదే ఆధారపడుతుంది. "ఈ మనిషి కొన్నారా?" అని ప్లే స్టోరును అడుగుతుంది. ప్లే స్టోరు తాను ఏ ఖాతా తరఫున మాట్లాడుతోందో ఆ ఖాతా చిట్టా చూసి చెబుతుంది. అందుకే లాగిన్ లేని యాప్‌లలో ఈ పొరపాటు గట్టిగా తగులుతుంది.

నాన్న ఖాతా మధ్యలోకి ఎలా వచ్చింది

చెల్లెలి ఫోనులో మూడు ఖాతాలున్నాయి. ఒకటి రోజూ వాడేది, ఒకటి చదువుకునే రోజుల నాటిది, మూడవది నాన్నది. నాన్న ఈమెయిలుకు వచ్చే కాగితాలను ఆమే చూసిపెడుతుంది కాబట్టి ఆయన ఖాతా కూడా అందులో చేర్చింది. ఆయన కోసం ఒకరోజు ప్లే స్టోరులో ఖాతా మార్చి ఏదో చూసింది. తిరిగి తన ఖాతాకు మార్చుకోవడం మరిచిపోయింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఫోను మొత్తానికి "ఇప్పుడు నడుస్తున్న ఖాతా" అంటూ ఒకటి ఉండదు. జీమెయిల్‌లో ఒక ఖాతా తెరిచి ఉండవచ్చు, ప్లే స్టోరులో వేరొకటి ఉండవచ్చు. ఒకచోట మార్చితే రెండోచోట మారదు. చెల్లెలు రోజూ తన ఈమెయిలునే చూస్తోంది కాబట్టి అంతా తన ఖాతాలోనే ఉన్నానని అనుకుంది. ప్లే స్టోరు మాత్రం నాన్న ఖాతాలోనే నిలిచి ఉంది. పైన కుడివైపు మూలన ఉండే చిన్న గుండ్రటి బొమ్మ ఒక్కటే ఆ విషయం చెబుతుంది. నాన్న తన ఫొటో పెట్టుకోలేదు, ఆ గుండ్రంలో పేరులోని మొదటి అక్షరం మాత్రమే ఉంది. నాన్న పేరూ చెల్లెలి పేరూ ఒకే అక్షరంతో మొదలవుతాయి.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. యాప్ లోపల ఏదైనా కొన్నప్పుడు ప్లే స్టోరు సాధారణంగా ఆ యాప్‌ను ఏ ఖాతాతో దించుకున్నారో ఆ ఖాతా కిందే కొనుగోలును రాస్తుంది. అంటే పొరపాటు జరిగింది డబ్బు కట్టిన రోజున కాదు, అంతకు రెండు వారాల ముందు యాప్‌ను ఉచితంగా వేసుకున్న రోజునే. ఆ మధ్యలో ఆమె ప్లే స్టోరులో తన ఖాతాకు మారి ఉన్నా, కొనుగోలు నాన్న ఖాతాకే వెళ్లేది. ఉచితంగా వేసుకునేటప్పుడు ఏ ఖాతా ఉందో ఎవరూ పట్టించుకోరు, డబ్బు ప్రసక్తే లేదు కదా. తర్వాత కొనే రోజుకు ఆ సంగతి గుర్తుండదు.

మరి డబ్బు కట్టేటప్పుడు వేలిముద్ర అడిగింది కదా, అప్పుడైనా తెలియవద్దా అని చెల్లెలు అడిగింది. వేలిముద్ర ఫోనులో నమోదైన వేలు ఇదేనా అని మాత్రమే చూస్తుంది. ఆ ఫోనులోని ఏ ఖాతాలో వేలిముద్రతో కొనుగోలుకు అనుమతి ఇచ్చి ఉన్నా అదే వేలు పనిచేస్తుంది. నాన్న ఖాతాకు తన కార్డునే జతచేసి ఉంచింది కాబట్టి అక్కడా అనుమానం రాలేదు. డబ్బు కట్టే ముందు తెర కింది భాగంలో వచ్చే పలకలో వస్తువు పేరు, ధర, కార్డు చివరి అంకెలతో పాటు ఈమెయిలు చిరునామా కూడా చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ చిరునామాయే అసలైన సమాచారం. మన కళ్లు ధర మీదకే వెళతాయి.

ఎవరి ఖాతాలో ఉందో తేల్చుకోవడం

ఫిర్యాదు రాసే ముందు, మళ్లీ కొనే ముందు, తేల్చవలసినది ఇదే. మేము మొదట రశీదు వెతికాం. ప్రతి కొనుగోలుకూ ప్లే స్టోరు రశీదు పంపుతుంది, అది కొన్న ఖాతా ఈమెయిలుకే వెళుతుంది. అందులోని ఆర్డరు నంబరు సాధారణంగా ఒకే మూడు అక్షరాలతో మొదలవుతుంది. కాబట్టి ఫోనులో ఉన్న ఒక్కొక్క ఈమెయిలు పెట్టెలోకీ వెళ్లి ఇలా వెతికితే చాలు:

```
GPA
```

చెల్లెలి పెట్టెలో పాత రశీదులు రెండు వచ్చాయి, కావలసినది రాలేదు. చదువుకునే రోజుల ఖాతాలో ఏమీ లేదు. నాన్న పెట్టెలో, ఆయన చదవని ఉత్తరాల మధ్య, ఐదు రోజుల కిందటి రశీదు దొరికింది. రశీదు ఎవరైనా చెరిపేసి ఉంటే ప్లే స్టోరులోనే చూడవచ్చు. గుండ్రటి బొమ్మను నొక్కి Payments & subscriptions లోకి, అక్కడి నుంచి Budget & history లోకి వెళితే ఆ ఖాతాతో కొన్నవన్నీ వరుసగా ఉంటాయి. ఒక ఖాతాలో కనబడకపోతే ఖాతా మార్చి మళ్లీ చూడాలి. ఆ జాబితా ఒకసారికి ఒక ఖాతాది మాత్రమే చూపిస్తుంది. అది ఖాళీగా ఉందని కంగారు పడి "నా కొనుగోలు మాయమైంది" అనుకునేవారు చాలామంది.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. నాకు ఇది అన్నింటికంటే నమ్మకమైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఇందులో యాప్ ప్రస్తుతం ఏ ఖాతాతో మాట్లాడుతోందో నేరుగా కళ్లకు కడుతుంది. తాళం వేసి ఉన్న యాప్‌లో కొనమనే మీటను నొక్కాలి. డబ్బు కట్టే పలక పైకి వస్తుంది. అంతవరకే, వేలు సెన్సరు మీద పెట్టకుండా చదవాలి. పలకలో ధరతో పాటు ఏ ఈమెయిలు కనిపిస్తే, ఆ ఖాతాకు ఆ వస్తువు లేదన్నమాట, మనం వెతికే ఖాతా ఇంకొకటి. పలక రాకుండా, ఈ వస్తువు ఇప్పటికే మీ దగ్గర ఉందన్న సందేశం వస్తే ఖాతా సరైనదే. స్టోరు వైపు అంతా సవ్యంగా ఉంది, యాప్ ఆ సంగతిని గుర్తించలేకపోతోంది. అది వేరే జబ్బు. యాప్‌ను పూర్తిగా మూసి తెరవడం, కాకపోతే దాన్ని తయారుచేసినవారికి రాయడం దానికి మందు. ఈ రెండు జబ్బులూ పైకి ఒకేలా కనిపిస్తాయి, రెండింటిలోనూ తాళం గుర్తే ఉంటుంది. చదివిన వెంటనే వెనక్కు వచ్చేయాలి. ఆ కంగారులో మళ్లీ డబ్బు కట్టినవారిని నేను చూశాను.

టాబ్లెట్‌లో పలక చెల్లెలి ఈమెయిలుతో, పూర్తి ధరతో వచ్చింది. ఫోనులో మాత్రం యాప్‌ను దించుకున్నది నాన్న ఖాతా, కొన్నదీ నాన్న ఖాతా, ఆ ఖాతా ఇంకా ఫోనులోనే ఉంది. అందుకే అక్కడ కుంచెలన్నీ తెరుచుకుని ఉన్నాయి. పొరపాటు ఐదు రోజులు దాగి ఉన్నదీ అందుకే.

మార్చలేరా మరి?

అందరూ మొదట అడిగేది ఇదే, నాన్న ఖాతా నుంచి నా ఖాతాకు మార్చమని గూగుల్‌ను అడగవచ్చు కదా అని. ప్లే స్టోరులో ఒక ఖాతాతో కొన్నదాన్ని మరో ఖాతాకు బదిలీ చేసే వీలు లేదు. రెండు ఖాతాలూ ఒకే మనిషివైనా లేదు. గూగుల్ సహాయ పుటలు సూచించే దారి ఒక్కటే: పొరపాటు ఖాతాలో డబ్బు వెనక్కు అడిగి, సరైన ఖాతాతో మళ్లీ కొనుక్కోవడం.

కఠినంగా అనిపించినా దీని వెనుక కారణం ఉంది. ప్రతి కొనుగోలుకూ ప్లే స్టోరు ఒక టోకెన్ తయారుచేస్తుంది. అది ఆ ఖాతాకు, ఆ యాప్‌కు, ఆ వస్తువుకు ముడిపడి ఉంటుంది. యాప్ తయారుచేసినవారు కొన్నవారి ఈమెయిలును చూడరు, ఆ టోకెన్‌ను మాత్రమే సరిచూసుకుంటారు. దాన్ని ఇంకొక ఖాతాకు అతికించే మీట వారి దగ్గరా లేదు. ఐఫోను వాడేవారికి ఈ విషయంలో కొంత వెసులుబాటు వచ్చింది. ఒకరివే అయిన రెండు ఖాతాల్లో ఒకదాని కొనుగోళ్లను రెండోదానిలోకి తరలించుకునే ఏర్పాటును యాపిల్ 2025లో తెచ్చింది. తెచ్చినప్పుడు కొన్ని దేశాలకు అది వర్తించలేదు, పైగా రెండూ ఒకే మనిషి ఖాతాలై ఉండాలి. మా నాన్న ఖాతా విషయంలో అదీ పనికిరాదు.

డబ్బు వెనక్కు అడగడానికి గడువు ముఖ్యం. కొన్న 48 గంటల లోపల అయితే నేరుగా గూగుల్‌నే అడగవచ్చు. ప్లే స్టోరు వెబ్‌సైటులో, కొన్న ఖాతాతో లోపలికి వెళ్లి, ఆర్డర్ల జాబితాలో ఆ కొనుగోలు పక్కన ఉన్న Report a problem నొక్కితే కారణాల జాబితా వస్తుంది. పొరపాటున కొన్నామన్న కారణం ఎంచుకుని, వేరే ఖాతాతో కొనాలనుకున్నామని ఒక్క వాక్యంలో రాస్తే సరిపోతుంది. జవాబు చాలాసార్లు ఒక పనిదినంలోనే వస్తుంది, ఎక్కువలో ఎక్కువ నాలుగు రోజులు పట్టవచ్చు. డబ్బు వచ్చేది కట్టిన సాధనానికే. చాలామంది తమ ఖాతాతో లోపలికి వెళ్లి, ఆర్డరు కనబడక అక్కడే ఆగిపోతారు. అడగవలసింది కొన్న ఖాతా నుంచే.

గిఫ్టు కోడ్‌ను పొరపాటు ఖాతాలో వాడేస్తే పరిస్థితి ఇంకా ఇరుకైనది. ఆ మొత్తం ఆ ఖాతా నిల్వలోకి చేరిపోతుంది, అక్కడి నుంచి మరో ఖాతాకు కదలదు. దానితో కొన్న వస్తువుకు డబ్బు వెనక్కు వచ్చినా అదే నిల్వలోకి వస్తుంది. కాబట్టి కోడ్ గీకిన తర్వాత టైపు చేసే ముందు ఆ గుండ్రటి బొమ్మను ఒకసారి చూడండి.

48 గంటలు దాటితే సాధారణంగా యాప్ తయారుచేసినవారిని అడగమంటారు. వారి చిరునామా ప్లే స్టోరులో ఆ యాప్ పుటలోనే ఉంటుంది. చెల్లెలిది ఐదో రోజు కాబట్టి మాకు మిగిలినది ఈ దారే. ఆమె మొదట రాసుకున్న ఉత్తరంలో కోపం ఎక్కువ, వివరం తక్కువ. కార్డు సంగతి, టాబ్లెట్ సంగతి, మోసం అన్న మాట ఉన్నాయి, ఆర్డరు నంబరు లేదు. యాప్ తయారుచేసినవారికి కొన్నవారి ఈమెయిలు కనబడదు కాబట్టి ఆ నంబరు లేకుండా వారు చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. దాన్ని పక్కన పెట్టి ఇలా రాయించాను: "ఈ ఆర్డరును మా నాన్నగారి ఖాతాతో పొరపాటున కొన్నాను. నంబరు ఇది. తేదీ ఇది. ఆ ఖాతాలో కొనుగోలు రద్దు చేసి డబ్బు వెనక్కు ఇస్తే, నా ఖాతాతో ఈ రోజే మళ్లీ కొంటాను." అవతలివారికి నష్టం లేని కోరిక ఇది. అందుకే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఒప్పుకోవాలన్న నియమమైతే లేదు, అది ఒక్కొక్క తయారీదారు ఇష్టం.

ఈ దశలో బ్యాంకుకు వెళ్లి ఆ లావాదేవీ నాది కాదని ఫిర్యాదు చేయమని ఆమె స్నేహితురాలు సలహా ఇచ్చింది. నేను గట్టిగా వద్దన్నాను. లావాదేవీ ఆమెదే, ఆ మాట నిజం కాదు. పైగా అలాంటి వివాదం వల్ల ఆ ఖాతాలో చెల్లింపులు నిలిచిపోతే నష్టపోయేది నాన్న.

వారు కాదని ఉంటే ఏమి చేసేవాళ్లమో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాం. టాబ్లెట్‌లో నాన్న ఖాతాను కూడా చేర్చి, యాప్‌ను తీసేసి, ప్లే స్టోరులో ఆయన ఖాతాకు మారి, మళ్లీ దించుకోవచ్చు. అప్పుడు కుంచెలు తెరుచుకుంటాయి. అయితే ఆ టాబ్లెట్ చేతికి వచ్చిన ప్రతివారికీ నాన్న ఖాతా తలుపు దగ్గరగా ఉంటుంది. ఈమెయిలు, పరిచయాల సింక్ ఆపినా ఖాతా మాత్రం అందులోనే ఉన్నట్టు. రేపు నాన్న ఖాతాను టాబ్లెట్ నుంచి తీసేస్తే మళ్లీ తాళాలే. కుటుంబ లైబ్రరీ ద్వారా పంచుకుందామా అంటే, అది డబ్బు పెట్టి దించుకునే కొన్ని యాప్‌లకు వర్తిస్తుంది కానీ, ఉచిత యాప్ లోపల కొన్నవాటికి వర్తించదు. చెల్లెలు కొన్నది రెండో రకం.

చందాలు కట్టేవారికి ఇక్కడ ఒక్క మాట. పొరపాటు ఖాతాతో చందా మొదలుపెట్టి, తెలిశాక యాప్‌ను తీసేసినా, ఫోను నుంచి ఆ ఖాతానే తీసేసినా చందా ఆగదు. ప్రతి నెలా డబ్బు పోతూనే ఉంటుంది. ఆ ఖాతాతోనే ప్లే స్టోరులోకి వెళ్లి Subscriptions కింద రద్దు చేయాలి. రద్దు చేస్తే వచ్చే నెల నుంచి ఆగుతుంది. కట్టిన డబ్బు కావాలంటే అది వేరుగా అడగాలి.

కుంచెలు తిరిగి వచ్చిన రోజు

మూడో రోజున యాప్ తయారుచేసినవారి నుంచి జవాబు వచ్చింది. ఆర్డరు రద్దు చేశామని, కొన్ని పనిదినాల్లో డబ్బు కార్డుకు చేరుతుందని రాశారు. ఆ సాయంత్రమే ఫోనులోనూ తాళాలు పడ్డాయి. చెల్లెలు ఒక క్షణం బెదిరింది కానీ అది సరిగ్గా జరిగిందనడానికి గుర్తే అది.

ఇక ఫోనులోని యాప్ ఇంకా నాన్న ఖాతాతోనే ముడిపడి ఉంది. దాన్ని విప్పకుండా అక్కడే మళ్లీ కొంటే మళ్లీ నాన్న ఖాతాకే వెళుతుంది. యాప్‌ను తీసేసి, ప్లే స్టోరులో తన ఖాతాకు మారి, మళ్లీ దించుకోవాలి. అప్పుడే ఆమెను ఆపి ఒకటి అడిగాను, "నీ బొమ్మలు ఎక్కడున్నాయి?" అని. యాప్ లోపలే ఉన్నాయి. తీసేస్తే వాటితో పాటే పోతాయి. లాగిన్ లేని యాప్ కదా, వేరే చోట ప్రతి ఉండదు. గంటసేపు కూర్చుని నలభై బొమ్మలను ఒక్కొక్కటిగా, పొరలు చెడకుండా, యాప్ సొంత ఫైలు రూపంలో బయట ఫోల్డరులోకి దాచుకుంది. మామూలు ఫొటోలుగా దాచితే పొరలన్నీ కలిసిపోయి మళ్లీ దిద్దుకునే వీలుండదని ఆమెకే తెలుసు. ఈ పని అయ్యాకే యాప్‌ను తీసేశాం.

టాబ్లెట్‌లో ఉన్న ఒక్క ఖాతా ఆమెదే కాబట్టి కొనుగోలు అక్కడే చేయమన్నాను. పలక పైకి వచ్చింది. ఈసారి ధర చూడకుండా ఈమెయిలును పైకి చదివింది, అక్షరం అక్షరం. తర్వాత ఫోనులో తన ఖాతాతో యాప్‌ను మళ్లీ దించి తెరిస్తే, Restore purchases నొక్కకుండానే కుంచెలు తెరుచుకున్నాయి. ప్లే స్టోరులో నాన్న ఖాతాకు ఇంటి బొమ్మ ఒకటి పెట్టింది, అక్షరం చూసి మళ్లీ పొరబడకుండా.

రెండు రోజుల తర్వాత నాన్న ఫోను చేశారు. ఏదో యాప్ డబ్బు తిరిగి ఇచ్చామని తనకు ఉత్తరం వచ్చిందని, తాను ఏమీ కొననే లేదే అని.

"నేనే నాన్నా, మీ పేరున కుంచెలు కొన్నాను" అంది చెల్లెలు.